గుండె వైఫల్యం: డిశ్చార్జ్ సమ్మరీ మొదటి పేజీలో ఏముండాలి?

గుండె వైఫల్యం అంటే గుండె ఆగిపోవడం కాదు. ఒంటికి కావలసినంత రక్తాన్ని గుండె సరిగ్గా పంపలేకపోవడం. పంపలేని గుండె వెనక ఒత్తిడి పెరిగి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, కాళ్లు వాస్తాయి, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. అలాంటి మనిషిని ఆసుపత్రిలో చేర్చి, నరానికి మందు ఎక్కించి ఆ నీటిని లాగేస్తే చాలామంది కొద్ది రోజుల్లోనే లేచి తిరుగుతారు. జబ్బు తగ్గిపోయిందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. అయితే తగ్గింది నీరు మాత్రమే. బలహీనపడిన గుండె బలహీనంగానే ఉంటుంది.

అందుకే ఈ జబ్బులో ఇంటికొచ్చిన తర్వాతి వారాలు చాలా ప్రమాదకరం. మన దేశంలో జాతీయ గుండె వైఫల్య రిజిస్ట్రీ 53 ఆసుపత్రుల్లో చేరిన 10,851 మంది వివరాలు సేకరించింది. ఆసుపత్రిలో చేరిన 90 రోజుల్లోపే నూటికి సుమారు 14 మంది చనిపోయారు. డిశ్చార్జ్ అయిన ఏడు రోజుల్లోపు రోగిని ఎవరో ఒక డాక్టరు మళ్లీ చూడాలని 2022 నాటి అమెరికా హృద్రోగ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఆ డాక్టరు మన దగ్గర ఎవరు? చాలాసార్లు గుండె నిపుణుడు కాదు. ఆయన యాభై, అరవై కిలోమీటర్ల దూరంలో ఉంటాడు, అపాయింట్‌మెంట్ రెండు వారాలకో నెలకో దొరుకుతుంది. మధ్యలో ఆయాసం వచ్చినా, బీపీ పడిపోయినా, మోకాలు నొప్పి పెట్టినా రోగి వెళ్లేది ఊళ్లో ఉన్న ఫ్యామిలీ డాక్టరు దగ్గరికే. ఆ డాక్టరుకు ఆసుపత్రిలో జరిగింది తెలిసే దారి ఒక్కటే: డిశ్చార్జ్ సమ్మరీ. నేను జనరల్ ఫిజీషియన్‌ని. ఇలాంటి కాగితాలు రాసినవాణ్ని, ఇతరులు రాసినవి చదివి వైద్యం కొనసాగించినవాణ్ని కూడా. ఈ జబ్బులో ఆ కాగితం ఎలా ఉండాలో, ఎందుకలా ఉండాలో ఒక కేసు పట్టుకుని వివరిస్తాను.

వెనక్కి చూసే కాగితం, ముందుకు చూసే కాగితం

మామూలుగా చేతికొచ్చే సమ్మరీ ఎలా ఉంటుంది? మొదటి పేజీలో చేరిన తేదీ, వార్డు, రోగి చెప్పుకున్న బాధలు. రెండో పేజీలో ఒంటి పరీక్ష. తర్వాత వరసగా అన్ని రోజుల రక్త పరీక్షలు, ఎకో రిపోర్టు, ఎక్స్‌రే. చివరి పేజీలో మందుల పట్టిక, దాని కింద ‘ఉప్పు తగ్గించండి, రెండు వారాల తర్వాత ఓపీలో కనిపించండి’ అని ఒక ముక్క. ఇందులో తప్పు ఒక్కటీ లేదు. ఇన్సూరెన్స్ క్లెయిముకు, రికార్డుకు ఇది సరిపోతుంది.

కానీ ఇది జరిగిపోయినదాన్ని చెబుతోంది. బయట ఇరవై మంది పేషెంట్లు కూర్చుని ఉండగా పది నిమిషాల్లో నిర్ణయం తీసుకోవాల్సిన ఫ్యామిలీ డాక్టరుకు కావలసింది, ఇప్పుడేం చేయాలన్నది. ఆయన మనసులో మెదిలే ప్రశ్నలు ఐదే. గుండె ఎందుకు బలహీనపడింది, ఈసారి ఎందుకు ముదిరింది? ఇంటికి పంపినప్పుడు మనిషి ఏ స్థితిలో ఉన్నాడు? మందుల్లో ఏది మారింది, ఎందుకు మారింది? తర్వాతి పరీక్షలు ఏవి, ఎప్పుడు, ఎవరి బాధ్యత? పరిస్థితి తిరగబడితే ఎక్కడిదాకా నేను చూసుకోవచ్చు, ఎక్కడ వెనక్కి పంపాలి?

ఈ ఐదింటికీ జవాబులు మొదటి పేజీలోనే, ఇదే వరసలో ఉంటే చాలు. రిపోర్టులన్నీ ఆ వెనక ఎన్ని పేజీలున్నా ఇబ్బంది లేదు.

ఒక రైతు కేసు

పల్నాడులో ఒక మిర్చి రైతును ఊహించుకుందాం. వయసు 62. నేను చూసిన చాలామంది వివరాలు కలిపి అల్లిన కేసు ఇది. రెండేళ్ల కిందట గుండెపోటు వచ్చింది, స్టెంట్ వేశారు. షుగరు ఉంది. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో డైక్లోఫెనాక్ మాత్రలు కొనుక్కుని మూడు వారాలు వేసుకున్నాడు. పొలంలో పదేపదే మూత్రానికి వెళ్లాల్సి వస్తోందని నీటి మాత్ర లాసిక్స్ మానేశాడు. కాళ్లు వాచాయి, రాత్రుళ్లు లేచి కూర్చుంటేనే ఊపిరి ఆడింది. గుంటూరులో ఆసుపత్రిలో చేర్చారు.

చేరిననాటి బరువు 74 కిలోలు. ఆరు రోజుల్లో నీరంతా దిగి 67.5 అయింది. ఎకోలో గుండె పంపింగ్ 30 శాతం. మామూలుగా అది 55 శాతం పైనే ఉండాలి. క్రియాటినిన్ చేరేముందు 1.1 ఉండేది, మధ్యలో 1.6 దాకా వెళ్లి ఇంటికొచ్చేనాటికి 1.4 దగ్గర ఆగింది. ఇంతకుముందు వాడుతున్న రామిప్రిల్ ఆపి, సాక్యుబిట్రిల్-వల్సార్టాన్ అనే కొత్త మందు మొదలుపెట్టారు. మరో రెండు కొత్త మందులు చేర్చారు.

ఈ రోగికి నేను రాయమనే మొదటి పేజీ ఇలా ఉంటుంది:

జబ్బు: పాత గుండెపోటు వల్ల గుండె వైఫల్యం, పంపింగ్ 30 శాతం. ఈసారి ముదరడానికి కారణం: మూడు వారాలు డైక్లోఫెనాక్ వాడటం, లాసిక్స్ మానేయడం. కొత్త గుండెపోటు లేదు, పరీక్షించి చూశాం.

ఇంటికి పంపిననాటి స్థితి: బరువు 67.5 కిలోలు (ఆసుపత్రి కాటా). కాళ్ల వాపు లేదు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. రెండు దిండ్లు అక్కర్లేకుండా పడుకుంటున్నాడు. బీపీ 106/70, నిలబడితే 102/68, కళ్లు తిరగడం లేదు. నాడి 74, క్రమంగా ఉంది. క్రియాటినిన్ 1.4, పొటాషియం 4.6, సోడియం 134, హిమోగ్లోబిన్ 10.8.

ఆపినవి: రామిప్రిల్ (బదులుగా కొత్త మందు, రెండూ కలిపి ఎప్పుడూ వాడకూడదు). డైక్లోఫెనాక్, ఆ జాతి నొప్పి మాత్రలన్నీ. పియోగ్లిటజోన్ (ఒంట్లో నీరు నిలుపుతుంది).

మార్చినవి: లాసిక్స్ 40 మి.గ్రా. ఉదయం ఒకటి నుంచి ఉదయం ఒకటి, మధ్యాహ్నం మూడింటికి ఒకటికి పెంచాం. గ్లిమెపిరైడ్ సగానికి తగ్గించాం.

కొత్తవి: సాక్యుబిట్రిల్-వల్సార్టాన్ 50 మి.గ్రా. రోజుకు రెండుసార్లు. స్పైరనోలాక్టోన్ 25 మి.గ్రా. ఒకటి. డాపాగ్లిఫ్లోజిన్ 10 మి.గ్రా. ఒకటి.

మార్చనివి: మెటోప్రొలాల్ సక్సినేట్ 25 మి.గ్రా., ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్, మెట్‌ఫార్మిన్.

ఫ్యామిలీ డాక్టరు గారికి మనవి: 7వ రోజు బరువు, బీపీ, క్రియాటినిన్, పొటాషియం చూడండి. రెండో వారంలో నాడి 60 పైన, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉంటే మెటోప్రొలాల్ 50కి పెంచండి. నాలుగో వారంలో క్రియాటినిన్, పొటాషియం మళ్లీ.

మేం చేసేవి: ఆరో వారంలో రెండో ఐరన్ ఇంజెక్షన్. మూడో నెలలో ఎకో. థైరాయిడ్ రిపోర్టు ఇంకా రాలేదు, వచ్చాక మేమే ఫోన్ చేస్తాం.

దీని కింద ఫోన్ ఎత్తే మనిషి నంబరు ఒకటి, సంతకం. అంతే. ఇందులో ప్రతి వరుసకూ ఒక కారణం ఉంది. ముఖ్యమైనవి నాలుగు చూద్దాం.

బరువే కొలబద్ద

ఆ పేజీలో ఒక్క అంకె మాత్రమే మిగల్చమంటే నేను బరువు మిగులుస్తాను. నీరంతా దిగి, మనిషి తేలిగ్గా ఊపిరి తీసుకుంటూ ఇంటికెళ్లిననాటి బరువు అది. తర్వాత ఒంట్లో నీరు చేరుతోందా, ఎండిపోతోందా అన్నది దాన్నిబట్టే తెలుస్తుంది. ఆయాసం, వాపు కంటికి కనిపించడానికి చాలా రోజుల ముందే బరువు పెరగడం మొదలవుతుంది. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, కండ కాదు. నీరే.

ఇక్కడ ఒక చిన్న చిక్కుంది. ఆసుపత్రి కాటా, ఇంటి కాటా ఒకేలా చూపించవు. మన రైతు మర్నాడు ఉదయం ఇంట్లో తూగితే 68 వచ్చింది. అర కిలో నీరు చేరలేదు, కాటా మారిందంతే. అందుకే సమ్మరీలో ఒక ఖాళీ గడి ఉండాలి: ‘ఇంటి కాటా మీద మొదటి ఉదయం బరువు’ అని. దాన్ని ఇంట్లోవాళ్లు నింపుతారు. అక్కణ్నుంచి లెక్క ఆ కాటా మీదే. లేవగానే మూత్రానికి వెళ్లొచ్చి, కాఫీ, టిఫిను ఏదీ తీసుకోకముందు, ఒకే రకం బట్టలతో తూగాలి.

బరువు రాసినంత మాత్రాన పని పూర్తి కాదు. అది మారితే ఏం చేయాలో కూడా రాయాలి. ఈ రోగికైతే ఇలా: ఇంటి కాటా మీద మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే మధ్యాహ్నం లాసిక్స్ ఒకటికి బదులు రెండు, మూడు రోజులపాటు. తగ్గకపోతే, ఆయాసం ఉంటే మాకు ఫోన్. బరువు 66 కన్నా తగ్గి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతుంటే మధ్యాహ్నం డోసు ఆపండి, క్రియాటినిన్ చూడండి.

ఈ రెండో వైపును చాలా సమ్మరీలు వదిలేస్తాయి. నీరు లాగే మందు ఎక్కువైతే కిడ్నీ దెబ్బతింటుంది, బీపీ పడిపోతుంది. ఎండాకాలంలో పల్నాడు ఎండకు పొలంలో తిరిగే మనిషికి ఇది నిజమైన ప్రమాదం. వాపు లేదు, ఆయాసం లేదు, మరి ఈ మందు ఇంకెందుకని తగ్గించాలా, అలాగే ఉంచాలా? అంకె లేకపోతే ఇది ఊహతో తీసుకునే నిర్ణయమవుతుంది.

ఆపిన మందుల గడి

మందుల పట్టికల్లో ఎక్కువగా కనిపించే లోటు ఏమిటంటే, ఇవ్వాల్సినవి ఉంటాయి, ఆపినవి ఉండవు. ఇంట్లో బీరువాలో పాత స్ట్రిప్పులు ఉంటాయి. పట్టికలో ఆపమని లేదు కాబట్టి వాటినీ వేస్తారు. లేదా ఫ్యామిలీ డాక్టరు పాత చీటీ చూసి, ‘ఆసుపత్రివాళ్లు రాయడం మర్చిపోయి ఉంటారు’ అనుకుని మళ్లీ మొదలుపెడతాడు.

మన రైతు విషయంలో ఇది ప్రాణం మీదికి రావచ్చు. రామిప్రిల్, సాక్యుబిట్రిల్ కలిస్తే పెదవులు, నాలుక, గొంతు ఒక్కసారిగా వాచి ఊపిరి మూసుకుపోయే ప్రమాదం ఉంది. అందుకే ఒకటి ఆపి రెండోది మొదలుపెట్టడానికి మధ్య కనీసం 36 గంటలు ఆగాలని నియమం. ‘రామిప్రిల్ ఆపాం, కలిపి వాడకూడదు’ అన్న ఒక్క వాక్యం రాయడానికి పది సెకన్లు చాలు. రామిప్రిల్ మార్కెట్లో ఎన్నో పేర్లతో దొరుకుతుంది. షాపులో ఆ పేరు లేకపోతే వేరే పేరుతో ఇస్తారు. కాబట్టి సమ్మరీలో మందు అసలు పేరు, దాని పక్కనే రోగి దగ్గరున్న స్ట్రిప్పు మీది పేరు రెండూ ఉండాలి. ఇంటికొచ్చాక ఆపిన మందుల స్ట్రిప్పులు ఏరి పక్కన పడేయడం ఇంట్లోవాళ్ల పని.

నొప్పి మాత్రల సంగతి మరీ ముఖ్యం. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అసెక్లోఫెనాక్ లాంటివి కిడ్నీ చేత ఉప్పును, నీటిని ఒంట్లోనే పట్టి ఉంచేలా చేస్తాయి, లాసిక్స్ పనిని అడ్డుకుంటాయి. ఈ రైతు ఆసుపత్రి పాలైంది అందువల్లే. ‘నొప్పి మాత్రలు వద్దు’ అని మాత్రమే రాస్తే మోకాలు నొప్పి ఎక్కడికీ పోదు. నెల తిరక్కుండా మళ్లీ అదే షాపుకు వెళ్తాడు. ‘మోకాలికి పారాసిటమాల్, పైపూత మందు’ అని బదులు కూడా రాయాలి. అప్పుడు ఫ్యామిలీ డాక్టరు మోకాలికి వేరే మందు వెతుక్కోవాల్సిన పని ఉండదు.

‘ఎందుకు’ రాయని మందు మొదట ఆగుతుంది

పంపింగ్ తగ్గిన గుండెకు ఇప్పుడు నాలుగు రకాల మందులు ఆయుష్షు పెంచుతాయని తేలింది. మన రైతు పట్టికలో నాలుగూ ఉన్నాయి: సాక్యుబిట్రిల్-వల్సార్టాన్, మెటోప్రొలాల్, స్పైరనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్. చిక్కేమిటంటే ఈ నాలుగింటికీ వేరే జబ్బుల్లో వేరే పనులున్నాయి. మెటోప్రొలాల్ బీపీ మందు. స్పైరనోలాక్టోన్ నీటి మాత్ర. డాపాగ్లిఫ్లోజిన్ షుగరు మాత్ర. కారణం రాయకపోతే చదివే డాక్టరు అలాగే అనుకుంటాడు, ఆ లెక్కలోనే ఆపేస్తాడు.

ఏడో రోజు ఫ్యామిలీ డాక్టరు గదిలో ఏం జరుగుతుందో చూడండి. రైతు, వెంట కూతురు. ఇంటి కాటా మీద బరువు 68.4. బీపీ 98/64. క్రియాటినిన్ 1.6, పొటాషియం 4.9. ఎవరో మూత్ర పరీక్ష కూడా చేయించారు, అందులో షుగరు మూడు ప్లస్‌లు.

“డాక్టర్ గారూ, బీపీ తక్కువుంది కదా, ఆ మాత్ర ఆపేద్దామా? షుగరు కూడా బాగా పెరిగినట్టుంది,” అంటుంది కూతురు.

కాగితం సరిగ్గా లేకపోతే ఆ డాక్టరు చేసేది తేలిగ్గా ఊహించొచ్చు. బీపీ వందలోపు ఉందని సాక్యుబిట్రిల్ ఆపుతాడు. క్రియాటినిన్ పెరిగిందని స్పైరనోలాక్టోన్ ఆపుతాడు. మూత్రంలో షుగరు ఉందని గ్లిమెపిరైడ్ పెంచుతాడు, ఆ రాత్రి రోగికి షుగరు పడిపోయి చెమటలు పడతాయి. ప్రతి నిర్ణయమూ విడిగా చూస్తే సబబుగానే ఉంటుంది. మొత్తం కలిపితే గుండెకు దొరికిన మంచి వైద్యం ఒక్క రోజులో ఊడిపోతుంది.

అదే సమ్మరీలో ప్రతి మందు పక్కనా ఒక వాక్యం ఉందనుకోండి. సాక్యుబిట్రిల్ పక్కన: ‘గుండె కోసం, కళ్లు తిరగనంతవరకు బీపీ 90 పైన ఉంటే కొనసాగించండి.’ స్పైరనోలాక్టోన్ పక్కన: ‘గుండె కోసం, పొటాషియం 5.5 దాటితే సగం, 6 దాటితే ఆపి మాకు ఫోన్.’ క్రియాటినిన్ గురించి: ‘ఈ మందులతో 1.4 నుంచి కొంత పెరగడం ఊహించిందే, 2.1 దాకా ఆగకుండా గమనించండి, దాటితే ఫోన్.’ మొదటి అంకెపై సగం వరకు పెరుగుదలను సహించవచ్చన్నది నిపుణుల సూచన, 1.4కు సగం కలిపితే 2.1. డాపాగ్లిఫ్లోజిన్ పక్కన: ‘గుండె కోసం; ఇది షుగరును మూత్రంలోకి పంపేస్తుంది కాబట్టి మూత్ర పరీక్షలో షుగరు ఎప్పుడూ కనిపిస్తుంది. రక్తంలో షుగరు చూసే నిర్ణయించండి.’

ఈ కాగితం చూసిన డాక్టరు ఏం చేస్తాడు? రోగిని నిలబెట్టి అడుగుతాడు: “పెద్దాయనా, లేచినప్పుడు కళ్లు తిరుగుతున్నాయా?” లేదంటే మందులేవీ ముట్టుకోడు. వారం తర్వాత మళ్లీ రక్త పరీక్ష చేయిద్దామంటాడు. కూతురితో, “షుగరు పెరగలేదమ్మా, ఆ మాత్ర చేసే పనే అది,” అంటాడు. రెండో వారంలో నాడి 78, బీపీ 104, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. మెటోప్రొలాల్ 50కి పెంచుతాడు.

ఆ పెంచడం చిన్న విషయం కాదు. ఈ మందులను ఆసుపత్రిలో చిన్న మోతాదులో మొదలుపెడతారు. అసలు లాభం పూర్తి మోతాదులో ఉంటుంది. 2022లో వెలువడిన స్ట్రాంగ్-హెచ్ఎఫ్ అధ్యయనంలో 14 దేశాలకు చెందిన 1,078 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి మామూలు వైద్యం. రెండో భాగానికి డిశ్చార్జ్ తర్వాత రెండు వారాల్లో మోతాదులను పూర్తి స్థాయికి తీసుకెళ్లారు, రెండు నెలల్లో పలుమార్లు పిలిచి రక్త పరీక్షలతో సహా చూశారు. ఆరు నెలల్లో చనిపోయినవాళ్లు, గుండె వైఫల్యంతో మళ్లీ ఆసుపత్రిలో చేరినవాళ్లు కలిపి మామూలు వైద్యంలో 23.3 శాతం, రెండో భాగంలో 15.2 శాతం. మోతాదు పెంచే అధికారం, దానికి హద్దులు కాగితం మీద లేకపోతే ఏ ఫ్యామిలీ డాక్టరూ వేరే డాక్టరు మొదలుపెట్టిన గుండె మందును పెంచడానికి ముందుకు రాడు. ఫలితంగా మొదటి రోజు మోతాదే ఏడాది తర్వాతా నడుస్తుంటుంది.

పని ఎవరిది?

‘పొటాషియం పరీక్ష చేయించాలి’ అని రాస్తే అది ఎవరి పనీ కాదు. ఆసుపత్రివాళ్లు ఫ్యామిలీ డాక్టరు చూస్తాడనుకుంటారు, ఆయన ఆసుపత్రిలో చూస్తారనుకుంటాడు. స్పైరనోలాక్టోన్, సాక్యుబిట్రిల్ రెండూ పొటాషియం పెంచేవే. అది బాగా పెరిగితే ఏ లక్షణమూ లేకుండానే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. మనిషి బాగానే ఉన్నాడు కదా అని పరీక్ష వాయిదా వేయడానికి వీల్లేదు. అందుకే ప్రతి పనికీ మూడు ముక్కలు రాయాలి: ఏం చేయాలి, ఏ తేదీకి, ఎవరు. ‘ఒక వారం తర్వాత’ కన్నా తేదీ వేయడమే మేలు, డిశ్చార్జ్ రోజు ఎవరికీ గుర్తుండదు.

ఆసుపత్రి తన దగ్గర ఉంచుకోవాల్సినవి కూడా ఉన్నాయి. మూడు నెలలు మందులు వాడాక కూడా పంపింగ్ 35 శాతం, అంతకన్నా తక్కువ ఉంటే, హఠాత్తుగా లయ తప్పి ప్రాణం పోకుండా కాపాడే ఐసీడీ అనే పరికరం అమర్చాలా అని ఆలోచించాలి. ఆ నిర్ణయం గుండె నిపుణుడిదే. చేతికి రాని రిపోర్టులు కూడా ఆసుపత్రివే. ఇంకా రాని రిపోర్టు ఒకటుందని సమ్మరీలో లేకపోతే, అది వచ్చినా ఎవరూ చూడరు.

వాంతులు, విరేచనాల రోజుల గురించి కూడా ఒక వరుస రాయాలి. ఒంట్లో నీరు తగ్గిన రోజున లాసిక్స్, స్పైరనోలాక్టోన్, సాక్యుబిట్రిల్, డాపాగ్లిఫ్లోజిన్ కలిసి కిడ్నీని దెబ్బతీయగలవు. తినలేని, తాగలేని రోజున ఈ నాలుగూ ఆపి డాక్టరుకు ఫోన్ చేయాలని, మామూలుగా తినడం మొదలయ్యాక డాక్టరు చెప్పినట్టు మళ్లీ మొదలుపెట్టాలని రాసి ఉండాలి. మళ్లీ మొదలుపెట్టమని రాయకపోతే ఆపినవి ఆగిపోయే ఉంటాయి.

కాగితం చేయలేని పని

ఎంత బాగా రాసినా కాగితం రోగిని చూడదు, నాడి పట్టదు. ఏడో రోజు ఎవరూ చూడకపోతే ఈ పేజీ వృథా. పంపింగ్ బాగానే ఉండి గుండె బిరుసెక్కిన రకం గుండె వైఫల్యం కూడా ఉంది. దానికి ఈ నాలుగు మందుల లెక్క ఇలాగే వర్తించదు. అందుకే జబ్బు రకం, పంపింగ్ శాతం మొదటి వరుసలోనే ఉండాలని అన్నాను. ఇక్కడ రాసిన అంకెలు ఆ రైతువి. వేరే రోగికి హద్దులు వేరు, వాటిని ఆ రోగికి వైద్యం చేసిన డాక్టరే రాయాలి. ఈ వ్యాసం చూసి ఎవరూ సొంతంగా మోతాదులు మార్చుకోవద్దు.

సమ్మరీ ఇంగ్లీషులో ఉంటుంది, డాక్టరుకు అది సరిపోతుంది. ఇంట్లోవాళ్లకు తెలుగులో ఒక పేజీ వేరుగా కావాలి. ఉదయం బరువు, ఆపిన మందులు, ఫోన్ చేయాల్సిన గుర్తులు, తర్వాత వెళ్లాల్సిన తేదీలు. ఇంతకన్నా ఎక్కువ అక్కర్లేదు.

ఇంట్లో ఎవరినైనా గుండె వైఫల్యంతో డిశ్చార్జ్ చేస్తుంటే, బిల్లు కట్టి ఆటో పిలవకముందు డ్యూటీ డాక్టరును ఈ ఐదు అడగండి. ఈరోజు బరువు ఎంత, కాగితం మీద రాశారా? పాత మందుల్లో ఏవి ఆపారు? ఏ తేదీన రక్త పరీక్ష, ఎవరి దగ్గర? బరువు ఎంత పెరిగితే, ఎంత తగ్గితే ఫోన్ చేయాలి? ఏ నంబరుకు? జవాబు రాయనిదేదైనా ఉంటే అక్కడే రాయించుకోండి. ఆ కాగితం వారంలోపు మీ ఫ్యామిలీ డాక్టరు బల్ల మీద ఉండేలా చూడండి. ఆసుపత్రుల్లో సమ్మరీలు రాసే యువ డాక్టర్లకు నా మనవి ఒక్కటే: చివరి పేజీలో రాసే మందులను, మీ మనసులో ఉన్న ‘ఎందుకు’తో సహా మొదటి పేజీకి తీసుకురండి.